బరువు లేని పొడవైన విక్: ఒక హ్యామర్ క్యాండిల్‌ను విప్పి చూసిన కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీకి ఆధారం నా ట్రేడింగ్ డైరీలోని ఒక నష్టపు ఎంట్రీ. ఒక షేరు డైలీ చార్టులో ఒక రోజు ధర కదలికను చూపే క్యాండిల్‌ను చూసి, పడుతున్న ధరను కొనుగోలుదారులు పట్టి నిలిపారని నేను నిర్ధారించుకున్నాను. మర్నాడు ఉదయమే కొన్నాను. మరో రెండు సెషన్లు గడిచాక, నష్టం హద్దు దాటకూడదని ముందే పెట్టుకున్న అమ్మకపు ధర, అంటే స్టాప్ లాస్, కంటే కూడా తక్కువ ధరకు అమ్ముకుని బయటపడ్డాను. ఈ పనిలో నష్టం రావడం వింత కాదు, ప్రతి నష్టాన్నీ తవ్వి చూసేంత తీరికా ఉండదు. అయితే ఆ క్యాండిల్‌లో వంక పెట్టడానికి ఏమీ కనిపించకపోవడమే నన్ను మళ్లీ దాని దగ్గరకు తీసుకువెళ్లింది. ఆ రోజు సెషన్‌ను అరగంట క్యాండిల్స్‌గానూ, అవసరమైన చోట నిమిషం క్యాండిల్స్‌గానూ విడదీసి చూసినప్పుడు, అమ్మకం ఒత్తిడి నేను చూసిన చోట కాక, చిన్నదని కొట్టిపారేసిన చోట దాగి ఉందని తెలిసింది.

ముందుగా ఆ రోజు వివరాలు. షేరు అంతకు ముందు ఆరు సెషన్లలో 448 నుంచి 412కు దిగివచ్చింది. ఆ రోజు 409 దగ్గర తెరుచుకుంది, 414 వరకు పెరిగింది, 392 వరకు పడింది, 411 దగ్గర ముగిసింది. చేతులు మారిన షేర్లు 26 లక్షలు. అంతకు ముందు ఇరవై రోజుల సగటు సుమారు 20 లక్షలు. పద్నాలుగు రోజుల ఏటీఆర్, అంటే ఆ షేరు ఒక రోజులో సాధారణంగా ఎంత మేర ఊగుతుందో చెప్పే సగటు, 12 పాయింట్ల దగ్గర ఉంది.

క్యాండిల్‌లో మందంగా గీసే భాగం బాడీ, దాని పైకీ కిందికీ వచ్చే సన్నని గీతలు విక్‌లు. వాటి కొలతలు తీసే లెక్క సులభమైనదే. O, H, L, C అనేవి వరుసగా ఓపెన్, హై, లో, క్లోజ్ ధరలు.

```
body  = |C - O|
upper = H - max(O, C)
lower = min(O, C) - L
```

ఈ లెక్కన ఆ రోజు బాడీ 2 పాయింట్లు, పై విక్ 3 పాయింట్లు, కింది విక్ 17 పాయింట్లు. మొత్తం పొడవు 22 పాయింట్లు కాగా అందులో నాలుగింట మూడు వంతులకు పైగా కింది విక్కే ఆక్రమించింది. ఆ విక్ ఒక్కటే షేరు మామూలు రోజు మొత్తంలో తిరిగే దూరం కంటే ఎక్కువ. పైగా బాడీ ఆకుపచ్చగా ఉంది, క్లోజ్ ఆ రోజు గరిష్ఠానికి చేరువలో ఉంది, వాల్యూమ్ సగటును మించింది, ముందు ఆరు రోజుల పతనం ఉంది. పతనం ఆగబోతోందని సూచించే క్యాండిల్‌గా, అంటే హ్యామర్‌గా, పేరు పెట్టడానికి కావలసిన లక్షణాలన్నీ ఒకే చోట చేరాయి. డైరీలో నేను రాసుకున్న వాక్యం ఇది: "392 దగ్గర గట్టి కొనుగోలు ఉంది, అమ్మకందారులు ఓడిపోయారు." ఈ వాక్యంలోని రెండు భాగాలూ తప్పేనని తర్వాత తేలింది.

ఆ తప్పు ఎక్కడ జరిగిందో చూపే ముందు, బాడీకీ విక్‌కీ నేను ఇప్పుడు ఇచ్చుకునే అర్థం చెప్పాలి, ఎందుకంటే పొరపాటు మొదలైంది అక్కడే. ప్రతి లావాదేవీలోనూ ఎన్ని షేర్లు కొనబడ్డాయో అన్నే అమ్మబడ్డాయి. అందువల్ల "ఈ రోజు కొనేవాళ్లు ఎక్కువ, అమ్మేవాళ్లు తక్కువ" అనే మాట వినడానికి బాగున్నా, జరిగిన లావాదేవీల విషయంలో దానికి అర్థం లేదు. తేడా ఉండేది తొందరలో. ఆర్డర్ బుక్‌లో ఒక వైపు ఫలానా ధరకైతే కొంటామని, మరో వైపు ఫలానా ధరకైతే అమ్ముతామని లిమిట్ ఆర్డర్లు పెట్టి ఓపిగ్గా కూర్చున్నవాళ్లు ఉంటారు. వాళ్లు ఉన్న చోటికి వచ్చి, దొరికిన ధరకు వెంటనే పని ముగించుకుపోయేవాళ్లు మార్కెట్ ఆర్డర్లు వేస్తారు. తొందరలో ఉన్న అమ్మకందారులు వరుసగా వచ్చి, కింద కూర్చున్న కొనుగోలు ఆర్డర్లను ఒక్కో మెట్టూ ఖాళీ చేస్తూ పోతే ధర దిగుతుంది. తొందరలో ఉన్న కొనుగోలుదారులు పై మెట్లను ఖాళీ చేస్తే ధర ఎక్కుతుంది. కొనుగోలు ఒత్తిడి, అమ్మకం ఒత్తిడి అని మనం అనేది ఈ తొందరకూ, దానికి ఎదురుగా కూర్చున్న ఓపికకూ మధ్య జరిగే పెనుగులాటనే.

ఈ దృష్టితో చూస్తే, సెషన్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఒక పక్షం తొందర వల్ల ధర కదిలి, తిరిగి ఇవ్వకుండా మిగుల్చుకున్న దూరమే బాడీ. ధర వెళ్లి, అక్కడ లావాదేవీ జరిపి, సెషన్ ముగిసేలోగా తిరిగి ఇచ్చేసిన దూరం విక్. రెండూ దూరాలే. ఎంత సరుకు చేతులు మారితే ఆ దూరం నడిచిందో, ఎంతసేపు పట్టిందో, వెనక్కి రావడానికి కారణం ఏమిటో క్యాండిల్ బొమ్మలో లేదు. కింద రాశులు పోసినట్టు కొనుగోలు ఆర్డర్లు ఉంటే లక్షల షేర్లు అమ్మినా ధర ఒక పాయింటు కూడా దిగకపోవచ్చు. ఆర్డర్లు పలుచగా ఉంటే కొన్ని వేల షేర్లకే పది పాయింట్లు జారిపోవచ్చు. అంటే పొడవైన విక్ చాలా సందర్భాలలో గట్టి ప్రతిఘటనకు కాదు, ప్రతిఘటన లేకపోవడానికి గుర్తు. నేను 17 పాయింట్ల పొడవును 17 పాయింట్ల బలంగా చదివాను.

మరొక చిన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ క్యాండిల్ ఆకుపచ్చగా ఉన్నది ఓపెన్ కంటే క్లోజ్ పైన ఉండడం వల్ల మాత్రమే. ముందు రోజు ముగింపు 412, ఆ రోజు ముగింపు 411. అంటే షేరు ఆ రోజు ఒక పాయింటు నష్టపోయింది. సెషన్ మొదలు కాకముందే పేరుకున్న అమ్మకం ఒత్తిడి ప్రారంభ ధరను 3 పాయింట్లు కిందికి నెట్టింది. ఆ గ్యాప్ బాడీలో కలవదు, విక్‌లోనూ కలవదు, రెండు క్యాండిల్స్ మధ్య లెక్కకు రాకుండా మిగిలిపోతుంది. ఆ 3 పాయింట్లను రోజంతా కష్టపడి 2 పాయింట్ల మేర పూడ్చారన్నది ఆకుపచ్చ రంగు చెప్పిన మొత్తం సంగతి. రంగు చూసి సంతోషించేటప్పుడు నేను ముందు రోజు క్లోజ్ వైపు చూడనేలేదు.

సెషన్‌ను విడదీసినప్పుడు

సెషన్‌ను పదమూడు అరగంటల క్యాండిల్స్‌గా చేశాను. మొదటి అరగంటలో ధర 409 నుంచి 404కు దిగింది, 2.4 లక్షల షేర్లు మారాయి. ఇది నిజమైన అమ్మకమే; బాడీ స్పష్టంగా ఎర్రగా ఉంది, విక్‌లు చిన్నవి. రెండో అరగంటలో ధర మెల్లగా 401 వరకు జారింది. కొన్ని వారాల కిందటి ఒక కనిష్ఠం 400.5 దగ్గర ఉంది, 400 అనేది ఎలాగూ అందరి కళ్లూ పడే గుండ్రటి అంకె. సెషన్ మొదలైన దాదాపు నలభై నిమిషాలకు ధర 400 కిందికి వెళ్లింది, నిమిషం క్యాండిల్‌లో ఒక్క ఊపున 392 తాకింది, తర్వాత తిరుగు ప్రయాణం మొదలైంది. ధర 400 కింద గడిపిన కాలం మొత్తం ఏడు నిమిషాల లోపే. ఆ ఏడు నిమిషాలలో చేతులు మారినవి సుమారు 40 వేల షేర్లు. రోజు వాల్యూమ్ 26 లక్షలతో పోలిస్తే ఇది నూటికి రెండు వంతులు కూడా కాదు.

కింది విక్‌లో దాదాపు సగం, అంటే 400 నుంచి 392 దాకా ఉన్న 8 పాయింట్లు, ఇంత కొద్ది సరుకుతో గీసినవి. జరిగిందేమిటో చార్టు నేరుగా చెప్పదు కాబట్టి ఇది నా ఊహే, కానీ బలమైన ఊహ. పాత కనిష్ఠం కింద చాలామంది స్టాప్ లాస్‌లు పెట్టుకుని ఉంటారు. ధర 400 దాటగానే అవి మార్కెట్ అమ్మకం ఆర్డర్లుగా మారిపోయాయి. ఆ క్షణంలో కింద కూర్చున్న కొనుగోలు ఆర్డర్లు పలుచగా ఉండడంతో ఒక్కో చిన్న ఆర్డరూ ధరను మెట్లు మెట్లుగా దింపింది. స్టాప్‌లు అయిపోయాయి, అమ్మేవాళ్ల తొందర అక్కడితో ఆగింది, ధర పైకి వచ్చింది.

నేను డైరీలో రాసుకున్న మొదటి భాగం, "392 దగ్గర గట్టి కొనుగోలు", ఇక్కడే కూలిపోయింది. అమ్మకం ఆగిపోవడం వేరు, కొనుగోలు రావడం వేరు. బొమ్మలో రెండూ ఒకే రకమైన కింది విక్‌ను గీస్తాయి. వాటిని విడదీసి తెలుసుకోవాలంటే తిరుగు ప్రయాణాన్ని చూడాలి. గట్టిగా కొనేవాళ్లు వచ్చి ఉంటే, కిందనైనా లేదా పైకి వస్తున్న దారిలోనైనా వాల్యూమ్ పెరిగి కనిపించాలి. ఈ కేసులో మూడు, నాలుగు, ఐదో అరగంటలలో ధర 401.5 నుంచి 409కి ఎక్కింది. ఆ గంటన్నరలో మారినవి 3.7 లక్షల షేర్లు. ఆ రోజు అరగంటకు సగటున 2 లక్షలు మారగా, ఈ మూడు అరగంటలలో ఒక్కదానిలోనూ లక్షన్నర దాటలేదు. రోజు మొత్తంలో అత్యంత తేలికగా సాగిన భాగం ఇదే. ధర ఎక్కింది కొనుగోలుదారులు తోయడం వల్ల కాదు, అడ్డుపడేవాళ్లు లేకపోవడం వల్ల. ఖాళీగా దిగిన దారిలో ఖాళీగానే ఎక్కింది.

అసలు కథ ఆరో అరగంట నుంచి మొదలైంది. అప్పటి నుంచి చివరిదాకా ఎనిమిది అరగంటల పాటు ధర 408కీ 414కూ మధ్యనే తిరిగింది, ఆ ఎనిమిదింటిలో 18.2 లక్షల షేర్లు మారాయి, అంటే రోజు వాల్యూమ్‌లో పదింట ఏడు వంతులు. వాటిలో ఆరు అరగంటలలో ధర 413 గానీ ఆ పై ధర గానీ తాకింది. ఆ ఆరింటిలో ఏ ఒక్కటీ 411 దాటి ముగియలేదు. ఆ అరగంట క్యాండిల్స్‌ను వరుసగా చూస్తే ఒక్కోదానికీ తలపై రెండు మూడు పాయింట్ల విక్ ఉంది, బాడీ చూడబోతే ఒక పాయింటు అటూ ఇటూ. రోజంతటిలోనూ అత్యధిక వాల్యూమ్ ఉన్న అరగంటలు ఇందులోనే ఉన్నాయి: ఎనిమిదో అరగంటలో 2.6 లక్షలు, చివరి అరగంటలో 3.4 లక్షలు.

ఎక్కువ వాల్యూమ్, చిన్న బాడీ, ఒకే ధర దగ్గర మళ్లీ మళ్లీ విక్ అనే ఈ మూడు కలిసి కనిపించడాన్ని ట్రేడర్లు అబ్జార్ప్షన్ అంటారు. తొందరలో ఉన్న కొనుగోలుదారులు 413 దగ్గరకు వచ్చి కొంటూనే ఉన్నారు; ఎదురుగా ఎవరో ఒకరు, లేదా కొందరు, అడిగినంత సరుకూ ఓపిగ్గా ఇస్తూనే ఉన్నారు. కొనేవాళ్ల శ్రమ అంతా ధరను కదపకుండానే ఖర్చయిపోయింది. తొందరపడే అమ్మకం ఎర్రటి బాడీలా కంటికి కనిపిస్తుంది. ఓపికతో చేసే అమ్మకం మాత్రం పై విక్‌లుగానే బయటపడుతుంది, అదీ చిన్న టైమ్‌ఫ్రేమ్‌లో చూసినప్పుడే. డైలీ క్యాండిల్‌లో ఆ ఆరు విక్‌లూ ఒకదాని వెనుక ఒకటి దాగి, కలిసి ఒకే ఒక్క 3 పాయింట్ల విక్‌గా కనిపించాయి. ఆరు సార్లు కొట్టుకున్న గోడకు, ఒక్కసారి తాకి వచ్చిన గోడకు డైలీ చార్టులో గీత ఒక్కటే.

ఇక "అమ్మకందారులు ఓడిపోయారు" అన్న రెండో భాగం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు పెద్ద ఎత్తున సరుకు మారిన చోట గెలిచింది వాళ్లే.

ట్రేడ్ ఎలా నడిచింది

మర్నాడు షేరు 410 దగ్గర తెరుచుకుంది, నేను 410.5కు కొన్నాను. స్టాప్ లాస్ కింది విక్ కొన కింద, 391 దగ్గర పెట్టాను. అంటే ఒక్కో షేరుకు 19.5 పాయింట్ల రిస్కు. ఆ దూరాన్ని బట్టే ఎన్ని షేర్లు కొనాలో లెక్క వేసుకున్నాను కాబట్టి, ఆ మేరకు జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ఆ రోజు ధర 412.5 వరకు మాత్రమే వెళ్లి, 404 దగ్గర ముగిసింది. బాడీ 6 పాయింట్ల ఎరుపు. గత రోజు 413 దగ్గర నిలబడ్డవాళ్లు ఇప్పుడు ఇంకా కింద, 412కు అటూ ఇటూ, అమ్మడానికి సిద్ధపడ్డారని అది చెప్పింది. నేను వినలేదు, స్టాప్ తగలలేదు కదా అనుకున్నాను. తర్వాతి రోజు 396 దగ్గర ముగిసింది. దాని మర్నాడు 388 దగ్గర తెరుచుకోవడంతో నా స్టాప్ ఆర్డరు 387.5కు అమలైంది. నష్టం 23 పాయింట్లు, అనుకున్న దాని కంటే 3.5 ఎక్కువ.

స్టాప్ ఉంచిన చోటు గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. విక్ కొన కింద స్టాప్ పెట్టడం వెనుక ఉన్న తర్కం, ఆ ధర దగ్గర ఒకసారి కొనుగోలుదారులు నిలబడ్డారు, మళ్లీ నిలబడతారు, వాళ్లు కూడా ఓడిపోతే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను అన్నది. అయితే 400 నుంచి 392 దాకా ఎవరూ నిలబడలేదు. 40 వేల షేర్లు మాత్రమే కొన్నవాళ్లు ఉన్న చోటు అది. వాళ్లకు అక్కడ కాపాడుకోవలసినంత సరుకు లేదు. రెండోసారి ధర అక్కడికి వచ్చినప్పుడు ఆపడానికి ఎవరూ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. అంటే నా స్టాప్ దూరంగా ఉంది, కానీ దాని ముందు అడ్డంగా ఏమీ లేదు. ఆ ట్రేడ్ సరైనదో కాదో తేల్చే ధర నిజానికి నా కింద కాక, నా పైన, 414 దగ్గర ఉంది. ఒక అరగంట క్యాండిల్ అయినా 414 పైన ముగిస్తే గానీ ఆ ఓపిక గల అమ్మకందారుల సరుకు అయిపోయిందని అనుకోవడానికి లేదు. దానికోసం ఆగి ఉంటే, ఆ వారమంతా కొనే అవకాశమే వచ్చేది కాదు.

అదే ఆకారం, వేరే బరువు

సుమారు ఆరు వారాల తర్వాత అదే షేరులో దాదాపు అదే ఆకారం మళ్లీ వచ్చింది. ఓపెన్ 371, హై 373, లో 362, క్లోజ్ 372. బాడీ 1 పాయింటు, పై విక్ 1, కింది విక్ 9. మొత్తం పొడవు 11 పాయింట్లే, అంటే ఆ షేరుకు మామూలు రోజే. మొదటి కేసు పక్కన పెడితే ఈ క్యాండిల్ బక్కచిక్కినట్టు ఉంటుంది. డైలీ చార్టు మాత్రమే చూసే అలవాటు ఉన్నప్పుడైతే నేను దీన్ని పట్టించుకునేవాడిని కాను.

ఈసారి ముందే విడదీసి చూశాను. రెండో అరగంట నుంచి ఆరో అరగంట దాకా, రెండున్నర గంటల పాటు, ధర 362కూ 366కూ మధ్యనే ఉంది. రోజు మొత్తంలో 31 లక్షల షేర్లు మారితే అందులో 15 లక్షలు ఈ నాలుగు పాయింట్ల వెడల్పులోనే మారాయి. ప్రతి అరగంటలోనూ ధర 362 దరిదాపులకు వెళ్లింది, ప్రతిసారీ 363.5 పైన ముగిసింది. మొదటి కేసులో 413 దగ్గర జరిగినదే ఇక్కడ తలకిందులుగా జరుగుతోంది: తొందరపడి అమ్మేవాళ్ల సరుకును ఓపిగ్గా కూర్చున్నవాళ్లు తీసుకుంటున్నారు, అరగంట క్యాండిల్స్‌కు కింది విక్‌లు వస్తున్నాయి, బాడీలు చిన్నవిగా ఉన్నాయి. ఏడో అరగంటలో ధర 366 దాటి, మళ్లీ వెనక్కి రాకుండా 372 చేరింది. పైన అడ్డుపడ్డ జాడ లేదు, 373 దగ్గర పదే పదే తగిలిన విక్‌లు లేవు.

మర్నాడు ధర ఒకసారి 366.5 వరకు దిగి, అక్కడి నుంచి లేచి 377 దగ్గర ముగిసింది. ఆ దిగుదలలో 367.5కు కొన్నాను, స్టాప్ 361 దగ్గర. రిస్కు 6.5 పాయింట్లు. మొదటి ట్రేడ్‌లో మూడో వంతు రిస్కుతో, అప్పటి కంటే ఎంతో బలమైన ఆధారం మీద నిలబడ్డాను. పొడవైన విక్ దూరపు స్టాప్‌ను అడుగుతుంది, అది ఖాళీదైతే ఆ దూరానికి తగ్గ రక్షణ ఇవ్వదు. పొట్టిదైనా బరువున్న విక్ దగ్గరి స్టాప్‌తోనే సరిపెడుతుంది. ఈ తేడా లాభనష్టాల లెక్కలో సూటిగా కనిపిస్తుంది.

రెండు ట్రేడ్‌లతో ఏ పద్ధతీ రుజువు కాదు. ఇదే విధంగా 15 లక్షల స్థాయి బరువున్న కింది విక్ తర్వాత కూడా, సెషన్ ముగిశాక వెలువడిన ఒక ప్రకటనతో మరో షేరు మర్నాడు ఆ విక్ కొన కిందే తెరుచుకున్న సందర్భం నా డైరీలో ఉంది. విక్ చెప్పేది ఆ సెషన్‌లో, ఆ సమాచారంతో, ఆ ధర దగ్గర ఎవరు ఎవరికి లొంగారన్నది మాత్రమే. సమాచారం మారినప్పుడు నిన్న ఓపిగ్గా కొన్నవాళ్లే నేడు తొందరపడి అమ్ముతారు.

కొలత ఎక్కడ మోసం చేస్తుంది

ఈ పరిశీలనను ఇతరులు తిరిగి చేయదలిస్తే, మూడు చోట్ల కాలు జారే అవకాశం ఉంది. మొదటిది క్లోజ్ ధర. కొన్ని ఎక్స్ఛేంజీలలో అధికారిక ముగింపు ధర చివరి లావాదేవీ ధర కాదు. చివరి అరగంట లావాదేవీల నుంచి వాల్యూమ్‌ను బట్టి తీసిన సగటు ధరగా గానీ, ముగింపు వేలంలో తేలిన ధరగా గానీ దాన్ని నిర్ణయిస్తారు. చివరి పది నిమిషాలలో ధర గట్టిగా పడిన రోజున సగటు పద్ధతిలో క్లోజ్ పైనే ఉండిపోయి, బాడీ ఉన్నదాని కంటే బలంగా కనిపిస్తుంది. నా కేసులో బాడీ రెండు పాయింట్లే కాబట్టి ఇలాంటి చిన్న తేడాకే రంగు మారిపోవచ్చు. అందుకే బాడీ మొత్తం పొడవులో పదో వంతు కంటే తక్కువగా ఉన్నప్పుడు నేను రంగును లెక్కలోకి తీసుకోను.

రెండోది, సెషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది. షేర్లకు ఇది ఎక్స్ఛేంజీ నిర్ణయిస్తుంది కాబట్టి గొడవ లేదు. రాత్రింబవళ్లు నడిచే కరెన్సీ, క్రిప్టో మార్కెట్లలో మాత్రం రోజు హద్దు చార్టు ఇచ్చేవాళ్లు ఎంచుకున్న గడియారాన్ని బట్టి ఉంటుంది. హద్దును రెండు గంటలు జరిపితే, ఒక చార్టులో పొడవైన కింది విక్ ఉన్న రోజు మరో చార్టులో పెద్ద ఎర్ర బాడీగానూ, దాని పక్కన పెద్ద ఆకుపచ్చ బాడీగానూ విడిపోతుంది. ధరలు అవే, క్యాండిల్స్ వేరు. పైగా కరెన్సీ స్పాట్ మార్కెట్‌కు అంతా ఒకచోట చేరే వాల్యూమ్ లేదు. చార్టులో వాల్యూమ్ పేరుతో కనిపించేది సాధారణంగా ధర ఎన్నిసార్లు మారిందన్న లెక్క. దానితో విక్ బరువు తూచడం ఈ కేసులో చేసినంత నమ్మకంగా కుదరదు.

మూడోది, విక్ కొన అసలు ఉందా అన్నది. నష్టం వచ్చిన చాలా రోజుల తర్వాత, ఆ షేరే లిస్టయి ఉన్న మరో ఎక్స్ఛేంజీ చార్టును అదే తేదీకి తెరిచి చూశాను. అక్కడ ఓపెన్, హై, క్లోజ్ కొన్ని పైసల తేడాతో ఇవే. లో మాత్రం 392 కాదు, 397.5. నేను స్టాప్ పెట్టుకున్న విక్‌లోని చివరి ఐదున్నర పాయింట్లు ఆ చార్టులో లేనే లేవు. పై విక్ మాత్రం అక్కడా మూడు పాయింట్లే.